పేరు అడగని రోగి

వేదాద్రికి జవాబు తెలియకపోవడమనే బాధ ఎప్పుడూ లేదు. అతని బాధల్లా అడిగేవాళ్ళు నెమ్మదిగా అడగడమే.

మర్నాడు రక్తహీనతల మీద పరీక్ష. మెడికల్ కాలేజీ హాస్టలు గదిలో అతనూ యేసుపాదమూ ఎదురెదురు మంచాల మీద కూర్చుని ఒకరికొకరు ప్రశ్నలు వేసుకుంటున్నారు. యేసుపాదం వయసులో పెద్ద, ఇదే పరీక్ష రెండుసార్లు తప్పినవాడు. అందుకే వేదాద్రి అతన్ని వేళాకోళంగా 'గురువుగారూ' అనేవాడు. వేళాకోళానికి పెట్టిన పిలుపులు ఒక్కోసారి మనిషికి అతుక్కుపోతాయి.

యేసుపాదం ప్రశ్న అడిగే తీరే వేరు. "పేరు మంగమ్మ. ముప్పై ఏళ్ళు. పచ్చిబియ్యం నములుతోంది. గోళ్ళు చెంచాల్లా గుంటలు పడ్డాయి" అని మొదలుపెట్టేవాడు.

"పేరెందుకు గురువుగారూ? ఎర్రకణం సైజు చెప్పండి చాలు. చిన్నది, పాలిపోయింది. ఇనుము లోపం."

తలసేమియాలోనూ కణాలు చిన్నవేగా అని యేసుపాదం మెలిక పెట్టాడు. అక్కడ ఇనుముకి కొదవ ఉండదని, రక్తంలో ఇనుము ఎంతుందో చూడకుండా ఇనుము మాత్రలు ఇస్తే ఒంట్లో పేరుకుపోతుందని వేదాద్రి గడగడా చెప్పేశాడు. కణాలు చితికిపోయే రకంలో కళ్ళు పచ్చబడతాయని, ఎముక మజ్జ హడావుడిగా పసికణాలను బయటికి తోసేస్తుందని అదే ఊపులో చెప్పాడు.

ఇక్కడ వేదాద్రి తిండి గురించి ఒక మాట చెప్పాలి. ఇంట్లో అందరూ శాకాహారులు. పెరుగన్నం తింటే నిద్ర ముంచుకొస్తుందని, ఎంట్రన్సుకి చదివే రోజుల్లో పెరుగు మానేశాడు. తర్వాత మజ్జిగ, ఆపైన పాలు. సీటు వచ్చినా మానినవి మళ్ళీ మొదలుపెట్టలేదు. హాస్టలు మజ్జిగ చూసినవాడెవడూ అతన్ని తప్పుపట్టడు, అది వేరే సంగతి.

మొన్నామధ్య ప్రాక్టికల్స్‌లో ఎవరి రక్తం వాళ్ళే పరీక్షించుకున్నప్పుడు అతని హిమోగ్లోబిన్ తొమ్మిది దగ్గర ఆగింది. ఎవరికీ చూపించుకోలేదు. ఇనుమూ ఫోలిక్ యాసిడ్డూ కలిపిన మాత్రలు కొనుక్కుని మింగాడు. మొన్న చూసుకుంటే పన్నెండు. నా మొదటి పేషెంటుని నేనే బాగుచేశాను అని మెస్సులో అందరికీ చెప్పుకున్నాడు. పాదాలు తిమ్మిరెక్కడం మాత్రం చెప్పలేదు. మఠం వేసుకుని గంటలకొద్దీ చదివితే ఎవరికైనా ఎక్కుతాయి.

"కణాలు పెద్దవి" అన్నాడు యేసుపాదం. "తెల్లకణం కేంద్రకం ఐదారు ముక్కలుగా చీలింది. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇచ్చారు."

"ముందు బి-ట్వెల్వ్ చూడాలి. మాంసం, పాలు రెండూ ముట్టనివాళ్ళకి అది అందదు. లోపం దానిదైతే ఫోలిక్‌తో రక్తం కోలుకుంటుంది, నరాలు కోలుకోవు. వెన్నుపాము వెనక భాగం దెబ్బతింటుంది. పాదం ఎక్కడుందో మెదడుకి కబురు అందదు."

"మరి ఎలా నడుస్తాడు?"

"కళ్ళతో చూసుకుని."

యేసుపాదం పుస్తకం మూసేశాడు. "లేరా. కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడు."

"ఇదేం ప్రశ్న గురువుగారూ?"

"నిలబడు ముందు."

వేదాద్రి నవ్వుతూ నిలబడ్డాడు.

"ఇప్పుడు కళ్ళు మూసుకో."

మూసుకున్నాడు. నేల ఒక పక్కకి జరిగినట్టయింది. సర్దుకోబోయాడు, ఎటు సర్దుకోవాలో పాదాలు చెప్పలేదు. పడిపోయేవాడే. యేసుపాదం చేతులు అప్పటికే రెండు పక్కలా చాచి ఉన్నాయి.

"పొద్దున ముఖం కడుక్కుంటూ కళ్ళు మూసుకోగానే తూలి కుళాయికి నుదురు కొట్టుకున్నావు" అన్నాడు యేసుపాదం, అతన్ని మంచం మీద కూర్చోబెట్టి. "నిన్న వరండాలో ఒక చెప్పు వదిలేసి వచ్చావు. కాలికి లేదని గదిలోకి వచ్చాక చూసుకున్నావు."

వేదాద్రి మూసేసిన పుస్తకం వైపు చెయ్యి చాచాడు. "రేపు పరీక్ష అయ్యాక చూద్దాంలెండి" అన్నాడు.

"నరాలదాకా వచ్చినవాడికి ఇంజెక్షను ఎప్పుడు మొదలుపెట్టాలి?"

దానికి జవాబు అతనికి తెలుసు. ఆలస్యమైనకొద్దీ పోయిన స్పర్శ తిరిగి రాదనీ తెలుసు. మొదటిసారి గబుక్కున చెప్పలేకపోయాడు.

యేసుపాదం వంగి అతని చెప్పులు కాళ్ళముందు పెట్టాడు. క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ డాక్టరు తనకి తెలుసన్నాడు. మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకున్నాడు. వేదాద్రి విదిలించుకోలేదు.

క్యాజువాలిటీ బల్ల దగ్గర డాక్టరు తలెత్తకుండానే ఓపీ చీటీ ముందుకి లాక్కున్నాడు.

"పేషెంటు పేరు?"

వేదాద్రి అలవాటుగా యేసుపాదం వైపు చూశాడు. యేసుపాదం చెప్పలేదు.

"వేదాద్రి" అన్నాడు అతను. "ఇరవై ఏళ్ళు."