ఏడు గవ్వలు

1974 జూన్ 12, బుధవారం. రోహిణి ఎండలు పోయినా ఉక్క పోలేదు. పార్వతీపురంలో ఆకు కదల్లేదు. ఆ ఏడు మామిడి కాపు కూడా అంతంతమాత్రమే, ఆ సంగతిప్పుడెందుకు.

సోమప్పశాస్త్రిగారి దగ్గర జ్యోతిషం చదువుకుంటున్న విశ్వపతి ఆవేళ ముఖం వేలాడేసుకుని వచ్చాడు. సాలూరులో పుట్టింట ఉన్న భార్య మూడోనెల పిల్లతో బయల్దేరతానంటే, వద్దని కబురంపాడట.

"ఏం?"

"నాది వృశ్చికం కదండీ. శని మిథునంలో ఉన్నాడు. అష్టమ శని. ఇంకో ఏడాది పైన ఉంటాడు. నా నీడ పసిదాని మీద పడకూడదని..."

శాస్త్రిగారు పొడుం పీల్చి, పన్నెండు గవ్వలు గుండ్రంగా పేర్చారు, మేషం నుంచి మీనం దాకా. మిథునం గవ్వ పక్కన బొగ్గుముక్క పెట్టారు.

"శని బాధ ఉన్న రాశులు తీసెయ్యరా."

విశ్వపతి వృషభం, మిథునం, కర్కాటకం తీశాడు. "ఏలినాటి శని." వృశ్చికం తీశాడు. "ఎనిమిదింట, అష్టమం."

"ఏం చేస్తాడక్కడ?"

"పనులు ఆలస్యం, ఒంట్లో నలత, అయినవాళ్ళతో మాటపట్టింపులు. రెండున్నరేళ్ళు."

"కంటక శని తీయలేదేం?"

"నాలుగు, ఏడు, పది." చంద్రుడున్న రాశినే ఒకటిగా లెక్కపెడుతూ మీనం తీశాడు. "నాలుగింట. దీన్నే అర్ధాష్టమం అంటారు. ఇల్లు, తల్లి." ధనుస్సు. "ఏడింట. భార్య, ప్రయాణం." కన్య. "పదింట. ఉద్యోగం."

"ఎన్ని తీశావు?"

"ఏడండీ."

"మిగిలినవి అయిదు. శని ఏ రాశిలో ఉన్నా ఇంతే. ఊళ్ళో సగం మందికి పైగా ఎప్పుడూ ఏదో ఒక శని. అయినా పురుళ్ళు ఆగాయా?"

శాస్త్రిగారు తీసేసిన గవ్వల్లోంచి ఒకటి పైకెత్తారు.

"మీనం నాదిరా. ఏడాదిగా ఈ మోకాలు, ఈ ఇంటి కప్పు, రెండూ కారుతూనే ఉన్నాయి."

"ముందు నోరు కారుతోంది," అంది లోపల్నించి శాస్త్రిగారి భార్య సుందరమ్మగారు. "ఆ కుర్రాడికి కాస్త మజ్జిగైనా పోయనివ్వండి."

"పిల్లది ఏ నక్షత్రం?" అన్నారు శాస్త్రిగారు.

"మఖ. సింహరాశి."

"అక్కణ్ణించి లెక్కపెట్టు."

వేలు ఒక్కో చోటా ఆగుతూ మిథునం చేరింది. "పదకొండు," అన్నాడు మెల్లిగా. "లాభస్థానం."

"నీ చంద్రుడి నుంచి లెక్కపెట్టి దాని నెత్తిన రుద్దావు. ఎవరి చంద్రుడు వాళ్ళదిరా!"

శాస్త్రిగారు కుంటుకుంటూ లేచి చెప్పులేసుకున్నారు.

"ఎక్కడికండీ?"

"సాలూరు బస్సుకి. ఆలస్యమే కదా శనిగాడు చేసేది, మనమూ ఎందుకు చేయడం?"

ఆ సాయంత్రం తిరుగు బస్సులో పిల్ల తండ్రి ఒళ్ళోనే నిద్రపోయింది.

శాస్త్రిగారు పోయాక పొలం పెద్దకొడుక్కి, ఇల్లు చిన్నకొడుక్కి, తాళపత్రాలు అల్లుడికి వెళ్ళాయి. విశ్వపతికి ఏమీ రాలేదు. అడగనూ లేదు. అప్పటికతని ఇంట్లో నలుగురు పిల్లలు గోల చేస్తున్నారు.