పొగగొట్టం లేని ఇల్లు

కనకవల్లి గారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. "చెప్పులేసుకో" అనేవారు. అడిగినవాళ్లు వెంట నడవాల్సిందే. టీచర్ల ట్రైనింగు స్కూల్లో పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన మనిషి. మోకాళ్లు అరిగాయి గానీ నోటికి మాత్రం ఏ అరుగుదలా రాలేదు.

ఆవిడ దగ్గర చదువుకున్న విమలకుమారి ఒకనాటి పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడింది. "అమ్మా, తెలివి పుట్టుకతోనే వస్తుందా? ఒక జాతికి ఎక్కువా, ఇంకో జాతికి తక్కువా వస్తుందా?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. ఊళ్లోని స్కూలు పిల్లలకీ, ఏటి ఒడ్డున హాస్టల్లో ఉండే కోయ పిల్లలకీ తెలివి పరీక్ష పెట్టి రమ్మని పైవాళ్లు ఆమెను పురమాయించారు. ఫలానా మార్కు దాటిన పిల్లలు ఆరో తరగతికి వెళతారు. దాటనివాళ్లు చాపలల్లే షెడ్డుకు వెళతారు. ఊరి పిల్లల సగటు ముప్పై రెండు వచ్చింది, హాస్టలు పిల్లల సగటు పంతొమ్మిది. సాయంత్రానికి నివేదిక ఇవ్వాలి. "ఈ తేడా జన్మసిద్ధం" అన్న వాక్యం దగ్గర విమల కలం ఆగిపోయింది. ఆగినందుకైనా మెచ్చుకోవాలి. ఆగకుండా రాసి పెద్ద ఉద్యోగాలకు ఎగబాకినవాళ్లు లోకంలో కొల్లలు.

"ఎందుకనుకున్నావు అలా?" అన్నారు కనకవల్లి గారు చెప్పులు వెతుక్కుంటూ.

"లైబ్రరీలో పుస్తకం చదివానమ్మా. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్లు పదిహేడు లక్షల మంది సిపాయిలకు పరీక్ష పెట్టారట. చదువు రానివాళ్లకు బొమ్మల పరీక్ష పెట్టారట. ఓడల్లో కొత్తగా దిగిన జాతులకూ, నీగ్రోలకూ తక్కువ వచ్చిందట. మన బొమ్మల పరీక్ష కూడా దాన్ని చూసి చేసుకున్నదే."

"ఆ పుస్తకం సగమే చదివినట్టున్నావు. ఓడ దిగి ఇరవై ఏళ్లయినవాళ్లకు ఎంతొచ్చింది?"

విమల తడుముకుంది. "అక్కడే పుట్టినవాళ్లతో సమానంగా వచ్చింది. ఏళ్లు తగ్గేకొద్దీ మార్కులూ తగ్గాయి."

"దానికేమన్నారు మహానుభావులు?"

"ముందొచ్చినవాళ్లది మంచి రక్తం, తర్వాతి ఓడలవాళ్లది నాసిరకం అన్నారు."

"ఆ దేశంలోనే ఉత్తరాది రాష్ట్రాల్లో బడి ముఖం చూసిన నల్లవాళ్లకు, దక్షిణాదిలో కొన్ని రాష్ట్రాల తెల్లవాళ్లకంటే ఎక్కువొచ్చింది. దానికి?"

"తెలివైనవాళ్లే ఉత్తరానికి తరలిపోయి ఉంటారన్నారు."

"అంటే పెన్సిలు ఎన్నడూ పట్టనివాణ్ణి గదిలోకి తోసి, సైగలు చేసి, గడియారం చూసి కసిరి, వాడి తాతముత్తాతల్ని తూచారన్నమాట. ఆ కాగితాలు చూపించే, ఆ రక్తం మా దేశానికొద్దని గోల పెట్టారు. తర్వాత చట్టం చేసి తలుపులు మూశారు. ఆ పండితుల్లోనే ఒకాయన కొన్నేళ్లకు, నా సిద్ధాంతానికి పునాదే లేదని రాశాడు. రాస్తే ఏం లాభం? మూసిన తలుపు తెరుచుకుందా? పద."

దారిలో విమల తన కాగితాలు తిరగేసింది. హాస్టలు పిల్లల్లోనూ అదే వరస ఉంది. నాలుగేళ్ల కిందట వచ్చినవాళ్లు ఊరి పిల్లల సరసనే ఉన్నారు. ఈ ఏడు చేరినవాళ్లు అడుగున ఉన్నారు. "ముందు చేర్పించినవాళ్లవి కాస్త తెలివైన కుటుంబాలేమోనమ్మా" అంది. అన్నాక, ఆ మాట ఇంతకుముందే ఎక్కడో విన్నట్టు తోచి నోరు మూసుకుంది.

హాస్టలు వసారాలో కనకవల్లి గారు ఇద్దర్ని పిలిపించారు. సోయం జోగమ్మ, సోయం కన్నయ్య. తోడబుట్టినవాళ్లు. కొండ మీద పెద్దాడపిల్లను ఇంట్లోనే ఉంచేస్తారు. చంటివాళ్లను ఎత్తుకోవాలి, మేకల్ని కాయాలి. అందుకని తమ్ముడు నాలుగేళ్ల కిందటే హాస్టలుకు వచ్చాడు. అక్క మొన్న వానలకు వచ్చింది. తమ్ముడికి ముప్పై ఒకటి. రెండేళ్లు పెద్దదైన అక్కకు పదకొండు. అంటే ఆమె షెడ్డుకే.

"రక్తం?" అన్నారు కనకవల్లి గారు.

"ఒకటే" అంది విమల. ఊరుకుంటే బాగుండేది. "కానీ అది ఆడపిల్ల కదమ్మా..."

"రక్తం చేతికి దొరక్కపోయేసరికి పరికిణీ పట్టుకున్నావా? మరి నువ్వెవరివే? గడ్డం గీసుకుని వచ్చావా?"

కన్నయ్య కిసుక్కున నవ్వాడు. జోగమ్మకు తెలుగు ఇంకా సరిగా అందదు. ఏమిటన్నట్టు తమ్ముణ్ణి మోచేత్తో పొడిచింది. వాడు కోయలో చెప్పాడు. ఆమె విమల గడ్డం వంక శ్రద్ధగా చూసింది.

కనకవల్లి గారు పరీక్ష బొమ్మల్లోంచి ఒకటి తీసి పిల్ల ముందు పెట్టారు. ఏటవాలు కప్పు, తలుపు, రెండు కిటికీలు ఉన్న ఇల్లు. అందులో ఏదో ఒకటి లోపించింది, అదేమిటో గీసి చూపాలి. విమల గడియారం తీయబోయింది.

"లోపల పెట్టు. ఇక్కడ రైలేమీ తప్పిపోదు."

జోగమ్మ బొమ్మను అటు తిప్పింది, ఇటు తిప్పింది. తమ్ముడు ప్రశ్నను తమ మాటలో చెప్పాక చూరు కింద వేలు పెట్టి ఏదో అంది.

"విత్తనం కంకులు లేవంటోంది" అన్నాడు కన్నయ్య. "చూరుకు కంకులు కట్టకపోతే ఆ ఇంట్లోవాళ్లు వెళ్లిపోయినట్టు. వచ్చే ఏడు పంట ఎక్కణ్ణుంచి వస్తుంది మరి?"

విమల జోగమ్మ పరీక్ష కాగితం తీసి చూసుకుంది. పరీక్ష రోజున చూరు కింద పిల్ల గీసింది పిచ్చిగీతలు కాదు, కంకులే. వాటి పక్కన ఎర్రసిరాతో సున్నా, ఆమె చేత్తో పెట్టిందే.

"నీకేం లేదనిపించిందిరా?" అని కన్నయ్యను అడిగారు కనకవల్లి గారు.

"పొగగొట్టం లేదు."

"ఎక్కడైనా చూశావా?"

"ఇంగ్లీషు వాచకంలో ఉంది. ఇంటి మీద, పొగ వస్తూ."

"మరి కంకులు లేవని నీకు తెలీలేదా?"

వాడు ఇంత పెద్దావిడకు ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూశాడు. "తెలుసు. అది గీస్తే మార్కు రాదు కదండీ."

విమల ఆ ఎర్రసిరా సున్నా వంక చూస్తూ, "ఒక్క ఇంటిని చూసి ఎలా..." అని గొణిగింది.

"అలా అడుగు. ఇప్పుడు బుద్ధిగా అడిగావు. హాస్టల్లో ఉన్న మిగతా ఇళ్ల తోబుట్టువుల్ని కూడా పిలు."

పిలిచింది. కాగితాలన్నీ జతలు జతలుగా నేల మీద పరిచింది. ఇంటింటా ముందు వచ్చినవాళ్లకే ఎక్కువ వచ్చింది. ఒక్క ఇంట్లో మాత్రం తిరగబడింది. కొత్తగా వచ్చిన చిన్నది అన్నను దాటేసింది.

"ఇదేమిటమ్మా?"

"పిల్లలు. ఇటుకలు కారు. ఒకే కడుపున పుట్టినవాళ్లలోనూ చురుకైనవాళ్లుంటారు, నెమ్మదిగా నడిచేవాళ్లుంటారు. అది మొత్తం కొండ మీదివాళ్ల గురించి ఏం చెబుతుంది?"

విమల నివేదిక తీసి జన్మసిద్ధం అన్న వాక్యం కొట్టేసింది. షెడ్డుకు పంపాల్సిన పేర్లున్న పేజీ చింపేసింది. ఖాళీ కాగితం ముందు మళ్లీ కలం ఆగింది. జోగమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుని, ఆ కలం తన గురించి ఏం రాయబోతోందో అని చూస్తోంది.

"అయితే అన్ని జాతులకూ తెలివి సమానమని రాయనా అమ్మా?"

కనకవల్లి గారు మోకాళ్లు పట్టుకుని లేచారు.

"తెలివిని నువ్వు కొలిచావని ఎవరు చెప్పారే? కొలిచిందేదో అది రాయి."