కాల్చిన దూడను ఎవరు తిన్నారు?

ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు వాళ్లకొక పని చెప్పడం హమీదాబేగం గారి అలవాటు. గుంటూరు కాలేజీలో ముప్పయ్యేళ్లు మతాల చరిత్ర చెప్పి రిటైరయ్యాక కూడా అది పోలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం ఆమె పాత శిష్యుడు షడ్రకు దిగులుగా వచ్చాడు. కొత్తగా పాస్టరయ్యాడు. మర్నాడు యూదులు, క్రైస్తవులు, ముస్లింలు కలిసి కూర్చునే సభలో, అబ్రహాము ఇంటికి మనుషుల రూపంలో వచ్చిన దేవదూతల గురించి మాట్లాడాలి.

“మా బైబిల్లో అబ్రహాము పెట్టిన దూడ మాంసం వాళ్లు తిన్నారు మేడమ్. అదే ఆదికాండం చదివే యూదు పండితులేమో, దూతలకు ఆకలెక్కడిది, ఊరి మర్యాద తప్పకూడదని తిన్నట్టు కనిపించారంతే అంటారు. మీ ఖురానులో అసలు దూడ మీదికి చెయ్యే పోలేదు. మా అబ్రహామే, మీ ఇబ్రాహీం, భయపడ్డాడు కూడా. నేను ఏది చెప్పినా ఎవరో ఒకరు లేచిపోతారు. మొదటి సభే రభసైతే నన్నిక ఎవరు పిలుస్తారు? ఏది నిజం?”

“పెరట్లో బోరు మోటారు విప్పుతున్నవాళ్లు ముగ్గురున్నారు. అన్నం పెట్టు,” అన్నారామె.

షడ్రకు విస్తర్లు వేసి గోంగూర, మాంసం కూర వడ్డించాడు. పోలయ్య మూడుసార్లు అన్నం అడిగి తిన్నాడు. వీరాస్వామి ముద్దలు కలుపుతూనే ఉన్నాడు గానీ విస్తట్లో అన్నం తరగలేదు. మస్తాను మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

షడ్రకు మొహం మాడింది. లోపలికొచ్చి గొంతు తగ్గించాడు. “మేడమ్, అతను మెతుకు ముట్టడం లేదు. మన మీద మనసులో ఏం పెట్టుకున్నాడో!”

“భయమేసిందా?”

“వెయ్యదా మరి? ఇంటికొచ్చినవాడు అన్నం ముట్టకపోతే?”

“ఇబ్రాహీంకూ అందుకే వేసింది. వెళ్లి అడుగు.”

అడిగితే మస్తాను నోరు తెరిచి చూపించాడు. “పొద్దున్నే పన్ను పీకించుకున్నానయ్యగారూ. సాయంత్రం దాకా ఏమీ నమలొద్దన్నాడు డాక్టరు.”

“ఈయన సంగతేంటి?” అన్నాడు షడ్రకు వీరాస్వామిని చూసి.

పోలయ్య పగలబడి నవ్వాడు. “వాడు ఇంటిదగ్గర కడుపునిండా లాగించి వచ్చాడండీ! మీరు చిన్నబుచ్చుకుంటారని కలుపుతున్నాడు.”

వీరాస్వామి సిగ్గుపడి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. షడ్రకుకూ నవ్వాగలేదు. నవ్వుతూనే లోపలికొచ్చి, సగంలో ఆగి, తల గోక్కున్నాడు.

“అయితే మేడమ్, రేపు ఏం చెప్పమంటారు? తిన్నారనా, లేదనా?”

“ముగ్గురు చెప్పే కథల్లోనూ దూడ మాంసం పెట్టిందెవరు?”

“అబ్రహామే.”

“వచ్చినవాళ్లెవరో తెలిశాక పెట్టాడా?”

షడ్రకు గుమ్మంలోంచి పెరట్లో కూర్చున్న ముగ్గురి వైపు చూశాడు.

“మస్తానుకు మజ్జిగ తీసుకెళ్లు. దానికి నమలక్కర్లేదు,” అన్నారు హమీదాబేగం గారు.