బొటనవేలు

"ఏమీ అడగనివాళ్ళకి ఏం జవాబు చెప్పాలి మాస్టారూ?" అని నరహరి విసుక్కున్నాడు.

తాగుడు మానాలనుకునేవాళ్ళ కోసం కామేశం మాస్టారు కాకినాడలో ఒక వాట్సాప్ నంబరు నడుపుతున్నారు. వచ్చినవాటికి బదులివ్వడం నరహరి ఆయన దగ్గర నేర్చుకుంటున్నాడు. పొద్దుటినుంచి చదివి చదివి ఇద్దరికీ కళ్ళు మండుతున్నాయి. అప్పుడు కొత్త నంబరు నుంచి ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. అంతే, ఒక్క మాటైనా లేదు.

అలాంటివి రోజూ వస్తాయి, వాటిలో సగం పొరపాటున వేలు తగిలి వచ్చేవే. నరహరి ఎప్పటిలాగే సిద్ధంగా ఉన్న స్వాగత సందేశం అతికించాడు. ఫలానా దానికి ఒకటి నొక్కండి, ఫలానా దానికి రెండు నొక్కండి అంటూ చాంతాడంత ఉంటుందది. నీలం టిక్కులు పడ్డాయి. బదులు లేదు.

"చూశారా, ఊరికే నొక్కారు."

మాస్టారు ఓపిక కూడదీసుకుని ఫోన్ అందుకున్నారు. "సరే అన్నారో, ఎవరైనా ఉన్నారా అని అడిగారో, వేలు జారిందో నాకు తెలీదు. తెలీనప్పుడు తెలిసినట్టు రాయకూడదు." ఒక దణ్ణం బొమ్మ పెట్టి, కింద "ఇక్కడే ఉన్నాను. రాసినా సరే, మాట్లాడి పంపినా సరే" అని మాత్రం రాశారు. కష్టమేమిటని గుచ్చి అడగలేదు, ధైర్యమూ చెప్పలేదు.

కాసేపటికి మళ్ళీ బొటనవేలే వచ్చింది. నరహరి నిట్టూర్చాడు. మాస్టారు ఇంకేమీ రాయలేదు, ఫోన్ పక్కన పెట్టనూ లేదు.

ఆ తర్వాత ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. "నాకు చదువు రాదండి బాబూ. ఇందాక అన్నేసి అచ్చరాలు చూసి కంపెనీవాళ్ళనుకుని వదిలేశానండి. దణ్ణం చూసి, మనిషున్నాడనుకున్నానండి. మా ఆయన ఉన్నట్టుండి మందు మానేశాడండి. సంబరపడ్డామండి. నిన్నట్నించీ వణికిపోతన్నాడండి, ఒంటిమీద లేని పురుగుల్ని దులుపుకుంటన్నాడండి."

మాస్టారు వెంటనే ఆమెకి ఫోన్ చేశారు. "అమ్మా, ఇది ప్రాణం మీదికొచ్చే సంగతి. ఇంట్లో ఆగేది కాదు. మీ ఊరు చెప్పు." ఆమె చెబుతుంటే నరహరి తన ఫోన్లో నూట ఎనిమిదికి అదే చెప్పాడు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఇలా అవుతుందని అతను చదువుకున్నవాడే. బండి వచ్చేదాకా మాస్టారు ఆమెతో మాట్లాడుతూనే ఉన్నారు. సైరన్ వినబడింది, ఫోన్ ఆగిపోయింది.

ఆ పూట నరహరి ఎవరికీ స్వాగతం అతికించలేదు.

సాయంత్రం ఆ నంబరు నుంచి మళ్ళీ ఒక బొటనవేలు వచ్చింది. నరహరి చివాలున లేచాడు. "మాస్టారూ, బతికాడు!"

మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నారు.

"ఆమె అలా అందా? గొంతుతో అడుగు."