అంగుళాల వేటలో వివేకం వారమ్మాయి

పాలకొల్లులో వివేకం వారంటే ఇంటిపేరుకు తగ్గ తెలివిగలవాళ్ళు. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనరు, వాళ్ళే అనుకుంటారు. ఎవరేది చెబితే భర్త బుల్లెబ్బాయి అక్షరం తప్పకుండా అది చేస్తాడని భార్య వరహాలుకు మహా గర్వం. ఒక్కగానొక్క కూతురు కుందన. పందొమ్మిదేళ్ళు, అయిదడుగుల పది అంగుళాలు. ఇంత పొడుగు పిల్ల మోడల్ కాక ఏమవుతుందని ముగ్గురూ హైదరాబాదులో ఎంపికకు బయల్దేరారు.

"మేకప్ లేకుండా, సహజంగా రావాలి" అని మోడలింగ్ ఏజెన్సీ నుంచి కబురొచ్చింది. అంతే, లాడ్జిలో పిల్లని నిద్ర లేపి, మొహం కూడా కడగనివ్వకుండా తీసుకుపోయారు. అక్కడ రెండొందల మంది అమ్మాయిలు ఛాతీ మీద నంబరు కాగితాలు పెట్టుకుని మూడు గంటలుగా నిలబడి ఉన్నారు. పేరెవరూ అడగలేదు. టేపు పెట్టి ఛాతీ, నడుము, తుంటి కొలిచారు. ఎదురుగా ఒకటి, పక్కగా ఒకటి ఫొటో తీశారు. పది అడుగులు నడిపించారు.

"తుంటి ముప్ఫై ఆరు. మా శాంపిల్ బట్టలన్నీ ముప్ఫై నాలుక్కే కుట్టి ఉంటాయి. రెండంగుళాలు తీసేసి రండి. లైటుగా తినమనండి" అంది ఏజెన్సీ మేడమ్.

"బట్టలు కాస్త వదులు చెయ్యకూడదా అమ్మా?" అంది వరహాలు.

"బట్టకి మనిషి సరిపోవాలండీ."

అంత చదువుకున్నావిడ చెప్పాక తిరుగేముంది? ఇంటికి రాగానే బుల్లెబ్బాయి కత్తెర పట్టుకుని, టేపు మొదట్లోంచి రెండంగుళాలు తీసేశాడు. తీరా కొలిస్తే ముప్ఫై ఎనిమిది.

"ఏమండీ, తీసేస్తే పెరిగిందేమిటి?"

"దారిలో ఇడ్లీ తిందిగా. అదే."

ఇంకేముంది, పిల్ల తిండి మీద పడ్డారు. లైటుగా తినమందిగదా మేడమ్ అని, వరహాలు ప్రతిదీ తక్కెడలో వేసి చూసింది. అన్నం బరువు, పప్పు బరువు. మరమరాలు తేలిక, అప్పడం ఇంకా తేలిక. అన్నిటికన్నా తేలిక ఖాళీ కంచం. కొన్నాళ్ళకి కుందన అదే ముందు పెట్టుకుని కూర్చునేది.

"అమ్మా, ఆకలేస్తోంది."

"వెయ్యనీ అమ్మీ. అదీ తేలికే."

నాలుగు నెలలయ్యేసరికి దువ్వెన నిండా జుట్టు. ఎండాకాలంలో దుప్పటి కప్పుకున్నా పిల్ల చేతులు చల్లగా ఉండేవి. నెలసరి ఆగిపోయింది. 'ఆ మూడు రోజుల అవస్థ తప్పింది, ఎంత కలిసొచ్చిందో' అనుకుంది వరహాలు. ఓ తెల్లవారుజామున పిల్ల ఒంటి మీద పొడుచుకొచ్చిన ఎముకల్ని మాత్రం తడిమి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకుంది.

టేపు ముప్ఫై నాలుగు చూపించిన రోజే మళ్ళీ హైదరాబాదు వెళ్ళారు. మేడమ్ తన టేపు పెడితే ముప్ఫై రెండు. ఆవిడ మొహం వెలిగిపోయింది. "బ్రహ్మాండం. దవడ ఎముక ఎంత బాగా తేలిందో చూడండి. ఇలాగే ఉంచండి. డాక్టరు దగ్గర్నుంచి ఒక కాగితం తెచ్చి ఇస్తే చాలు."

బుల్లెబ్బాయి డాక్టరు గదిలోకెళ్ళి ఒక తెల్లకాగితం అడిగి తెచ్చాడు. మేడమ్ చూడకుండానే ఫైల్లో పెట్టింది. వివేకం వారింటి బయట కూడా ఇంత తెలివి ఉంటుందని వరహాలుకు అప్పుడే తెలిసింది.

ప్రదర్శన రోజున శాంపిల్ గౌను జారిపోతుంటే వెనక వీపంతా క్లిప్పులు పెట్టారు. "వదులైతే ఫరవాలేదు, బిగుతైతేనే తంటా" అన్నారు. కుందన నాలుగడుగులు నడిచింది. అయిదోది వెయ్యలేదు. కింద పడింది.

ఆసుపత్రిలో నాడి నిమిషానికి నలభై. రక్తంలో పొటాషియం పడిపోయింది. "ఇంకొన్నాళ్ళయితే గుండె ఆగేది. ఎముకలు ముసలావిడ ఎముకల్లా పలచబడ్డాయి" అంది డాక్టరు సుభాషిణి. వరహాలు ఆ సన్నటి మణికట్టు పట్టుకుని మంచం పక్కనే కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక తెలివిగల మాట ఒక్కటీ తోచకపోవడం ఆమెకదే మొదలు.

ఇరవై రోజులకి ఇంటికి పంపిస్తూ డాక్టరు చెప్పింది: "ఒక్కసారే కుక్కకండి, అదీ ప్రమాదమే. కొంచెం కొంచెంగా పెంచాలి. ఇప్పుడు నలభై ఆరు కిలోలుంది. వారం తర్వాత రండి. పిల్ల బరువు ఇక మీ చేతుల్లోనే ఉంది."

వారం తిరిగింది. బుల్లెబ్బాయి ఆటో దిగిన దగ్గర్నుంచి కూతుర్ని రెండు చేతుల్లో ఎత్తుకుని వచ్చి, అలాగే తూకం మిషను ఎక్కి నిలబడ్డాడు. కుందన మినపసున్నుండ కొరుక్కుంటూ నాన్న మెడ పట్టుకుంది.

"నూట పద్దెనిమిది" అని చదివింది నర్సు.

"నలభై ఆరు నుంచి నూట పద్దెనిమిది. వారంలో" అన్నాడు బుల్లెబ్బాయి, ఒగరుస్తూ.

డాక్టరు వచ్చేలోపే వరహాలు గుమ్మం దాటింది. పిల్లకి పాత బట్టలేవీ పట్టవుగదా, నూట పద్దెనిమిది కిలోలకి సరిపడా ముప్ఫై గజాల గుడ్డ తీసుకుని దర్జీ దగ్గరికి పరుగెత్తింది.