రాత్రి పులుసు

శరభయ్యకు ఒకటే దిగులు. తన ముందు కూర్చున్న ప్రతివాడూ అబద్ధమే చెబుతాడు.

గుట్ట మీది జంగమ మఠానికి అతను శిష్యుడిగా వచ్చి ఆరేళ్ళు. కష్టం చెప్పుకోవడానికి మెట్లెక్కి వచ్చేవాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి సంగతి కనుక్కునే పని రేవణయ్య స్వామి ఈ ఏడే అతనికి అప్పగించారు. శరభయ్య కనుక్కోవడం మామూలుగా ఉండేది కాదు మరి! ఎద్దు తప్పిపోయిందని వచ్చినవాడు, ఆ ఎద్దు తనదేనని రుజువు చేసుకోలేక చెమటలు కక్కేవాడు. పాపం, ఎద్దు సంగతి ఎక్కడిదక్కడే ఉండిపోయేది.

రానురాను అతను అరుగు మీదున్న పూట మెట్లెక్కేవాళ్ళు తగ్గిపోయారు.

"మనుషులు ఇంత అబద్ధాలకోరులేంది స్వామీ?" అని ఒక పొద్దున అడిగాడు.

స్వామి పళ్ళెం ముందు పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తున్నారు. మఠంలో ఆ పని ఎప్పుడూ ఆయనదే.

"రా శరభా, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి" అన్నారు.

శరభయ్యకు ఒళ్ళు మండింది. తానడిగిందేమిటి, ఈయన చెప్పేదేమిటి! "నాకు పనుంది స్వామీ" అని లేచి అరుగు మీదికి పోయాడు.

పని నిజంగానే వచ్చింది. ఊరి పెద్ద కోనప్ప ముందు, పదిమంది వెనుక, మధ్యలో ఒక పడుచు. ఆమె పేరు సుంకులు. ఆమె మొగుడు గిడ్డయ్య మూడేళ్ళ కూతుర్ని చంకనేసుకుని దూరదూరంగా నడుస్తున్నాడు. పిల్ల తల్లి వైపు చేతులు చాస్తోంది, అతను ఇవ్వడం లేదు.

కోనప్ప చెప్పాడు. గిడ్డయ్య తల్లి తిప్పక్క పది రోజులుగా ఉండుండి కడుపులో తిప్పి వాంతులు చేసుకుంటోంది. ఈ పొద్దున మళ్ళీ. ఇంట్లో ఇంకెవరికీ ఏమీ కాదు, ముసలామెకే. వండేది, పెట్టేది కోడలు.

"ఈమె మఠంలో దీపమార్పి నిజమే చెబుతానని ప్రమాణం చెయ్యాల. ఏం కలిపిందో ఒప్పుకోవాల. లేదంటే పిల్లను ఈడనే వదిలి, మాపటికి పుట్టింటికి నడవాల్సిందే" అన్నాడు కోనప్ప. "నిప్పు లేంది పొగ రాదు గదా సామీ."

సుంకులు రొప్పుతోంది. నోరెండిపోయి ఉంది. మఠం కుండలో నీళ్ళు ముంచుకోవడానికి వంగితే నలుగురైదుగురు ఒక్కసారే అరిచారు. "ఏయ్, కుండ ముట్టద్దు!" ఆమె చెంబు వదిలేసి వెనక్కి జరిగింది.

శరభయ్య ఆమెను తనకు ఎదురుగా కూర్చోబెట్టాడు. చుట్టూ జనం మూగారు.

"అత్తతో పొసుగుతుందా?"

"పొసుగుతాది సామీ."

"ఎప్పుడూ గొడవ పడలేదా?"

"లేదు సామీ."

కోనప్ప చిన్నగా దగ్గి, శరభయ్య చెవిలో ఒక మాట వేశాడు. శరభయ్య దాన్ని అందుకున్నాడు.

"పదైదు రోజుల కింద మీ కొట్లాట వీధంతా విన్నారంట గదా?"

ఆమె తల దించుకుంది. "ఆ పొద్దు... అవును సామీ."

"మరి లేదన్నావే? ఎందుకు దాచినావు?"

శరభయ్య జనం వైపు చూశాడు. జనం తలలూపారు. అతనికి హుషారొచ్చింది. ఒకటి దొరికింది కదా, రెండోది దొరక్కపోతుందా!

"ఆమెకు తిండి వేరే పెడతావా?"

"అందరం తినేదే సామీ. మేము రాత్రి తింటాం, ఆమె పొద్దున తింటాది. ఆమెకు రాత్రి పులుసంటేనే ఇష్ట..."

"అడిగినదానికి చెప్పు. వేరే పెడతావా, లేదా?"

"లేదు."

"వడ్డించేదెవరు?"

"నేనే."

"అప్పుడు పక్కన ఇంకెవరన్నా ఉంటారా?"

"లేదు."

"ఎందుకుండరు?"

"వాళ్ళు చేనికి..."

"నువ్వెందుకు పోవు?"

అతని ప్రశ్నలు పెరిగేకొద్దీ ఆమె జవాబులు కురచయ్యాయి. చివరికి అవును, కాదు కూడా పోయి తల ఆడించడమే మిగిలింది. జారిన కొంగు భుజం మీదికి సర్దుకుంటే అదీ తప్పే అయింది. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చూడు చూడు!" అని ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఆమె కదలనే లేదు.

"తేలిపోయింది స్వామీ" అన్నాడు శరభయ్య లోపలికొచ్చి. "కలిపింది. మాట మీద నిలవడం లేదు, కళ్ళెత్తి చూడడం లేదు. దీపం వెలిగించమంటారా?"

స్వామి పళ్ళెం పట్టుకుని తామే అరుగు మీదికొచ్చారు. కోనప్పనూ జనాన్నీ వేపచెట్టు కిందికి పంపారు. గిడ్డయ్య మాత్రం స్తంభం పక్కన నిలబడ్డాడు.

"దప్పికగా ఉంది తల్లీ. ఆ కుండలో నీళ్ళు ముంచియ్యి."

సుంకులు నమ్మలేనట్టు చూసింది. లేచి చెంబు ముంచి తెచ్చింది. తొందరలో సగం నీళ్ళు ఒలికాయి. శరభయ్య ఆపుదామనుకునేలోగానే స్వామి గటగటా తాగేశారు.

"నువ్వూ తాగు."

ఆమె తాగింది. రెండు చెంబులు తాగింది.

"ఎదురుగా వద్దు, వెలుగుకు అడ్డమొస్తావు. నాకు గింజ కనపడదు. ఇట్లా పక్కన కూర్చో."

ఆమె పక్కన కూర్చుంది. కాసేపటికి ఆమె చేతులు కూడా పళ్ళెంలోకి వచ్చాయి. ఇద్దరూ గింజలు తీస్తున్నారు. స్వామి ఏమీ అడగడం లేదు. శరభయ్య గడప దగ్గర అటూ ఇటూ కదులుతున్నాడు.

"ఇందాక రాత్రి పులుసని ఏదో అంటుంటే లోపలికి వినపడె, మాట సగంలోనే ఆగిపాయె" అన్నారు స్వామి. "మా అమ్మకూ అంతే. రాత్రిది పొద్దున్నే సద్దిలోకి ఉండాల్సిందే. మీ అత్తకు ఏ పులుసు ఇష్టం?"

"వంకాయ పులుసు సామీ. నిలవుంటేనే ఉప్పూ పులుపూ పడతాయంటాది. రాత్రి తినమన్నా తినదు." ఆమె గింజ పక్కన పడేసింది. "మట్టి దాకలో పోసి పెడితే ఇంకా బాగుంటాదనేది. దాక ఇప్పుడు లేదు."

"లేదా?"

"పగిలిపాయె సామీ. నా చేతిలోనే జారె. వాళ్ళమ్మ ఇచ్చిన దాకంట అది. ఆ పొద్దే కొట్లాట. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారే, అట్లయింది నా బతుకు. ఆ మాటలు మళ్ళా నలుగురిలో చెప్పుకోవాల్నని గొడవ లేదంటి."

"అంత మాటలు అనిందా?"

"అది వద్దు సామీ."

"వద్దులే."

స్వామి నిజంగానే వదిలేశారు. ఇంకో నాలుగు గింజలు రాలాయి. స్తంభం పక్కన గిడ్డయ్య తల వంచుకున్నాడు.

"మరి దాక పోయినాక పులుసు దేంట్లో పెడుతుంటివి?" అన్నారు స్వామి.

"మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నె ఉండె, అటక మీద. నల్లగా కమిలిపోయి ఉండె. అత్త కోపం పోవాలని ఇసుక, చింతపండు వేసి రోజూ చేతులు నొప్పి పుట్టేట్టు తోమితి. ఇప్పుడు చూస్తే బంగారమే సామీ! బయటా లోపలా ఒకటే మెరుపు." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలోకి కాస్త వెలుగొచ్చింది.

స్వామి చెయ్యి ఆగింది.

"లోపల గూడానా? లోపల తెల్లగా కళాయి పూత ఉండాల గదా తల్లీ?"

"అక్కడక్కడా తెల్లగా ఉండె సామీ. మరకలనుకోని, అవి పోయేదాకా తోమితి."

గిడ్డయ్య గభాలున తలెత్తాడు. కళాయి లేని ఇత్తడిలో పులుపు నిలవుంటే చిలుమెక్కుతుందని, అది తింటే కడుపు తిప్పి వాంతులవుతాయని ఆ సీమలో తెలియనిదెవరికి? ఆ తెల్ల మరకలే కళాయి అని సుంకులుకు తెలియలేదు. కళాయి పూసే సాయిబు కూడా ఆ ఏడు ఊరికి రాలేదు. రాత్రి వేడిగా తిన్నవాళ్ళకు ఏమీ కాలేదు. తెల్లార్లూ గిన్నెలో నానింది ముసలామె ఒక్కతే తింది.

"మా యమ్మ నాలుగు రోజులాయె, నోట్లో ఇత్తడి చప్పరించినట్టుందనబట్టి" అన్నాడు గిడ్డయ్య. "నేను పట్టించుకోలేదు సామీ."

పిల్లను కిందికి దించి గిన్నె కోసం మెట్ల మీదుగా పరుగెత్తాడు. పిల్ల ఒక్క ఉరుకున తల్లి ఒళ్ళో పడింది.

గిన్నె వచ్చింది. అడుగున పొద్దుటి పులుసు ఇంకా గరిటెడు ఉంది. పులుసు ఆగిన చోట అంచు చుట్టూ ఆకుపచ్చటి చారిక. చెట్టు కింది నుంచి వచ్చి కోనప్ప వేలితో రాసి చూసి, ఆ వేలు పంచెకు తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా నిలబడ్డాడు.

"తిప్పక్కను బండెక్కించి పట్నం డాక్టరు దగ్గరికి తీసుకపో. ఈ గిన్నె గూడా చూపించు" అన్నారు స్వామి గిడ్డయ్యతో. "పోయేముందు నీ పెండ్లానికి చెప్పాల్సిన మాట ఉంటే చెప్పు."

గిడ్డయ్య ఆమె కాళ్ళ దగ్గర ఒలికిన నీళ్ళను తన తలగుడ్డతో తుడిచి, బండి కట్టడానికి కిందికి పోయాడు. జనం ఒక్కొక్కరే మెట్లు దిగారు. దీపం గురించి ఎవరూ ఎత్తలేదు.

శరభయ్య స్వామి దగ్గరికొచ్చాడు.

"రాత్రి పులుసు మాట నాకూ చెప్పింది స్వామీ. నాకే ముందు చెప్పింది."

"చెప్పింది" అన్నారు స్వామి. "నువ్వప్పుడు తర్వాత ఏమడగాలా అని చూస్తుంటివి."

శరభయ్య ఆ మాట తానే కోసేశాడు. సాయంత్రానికి ఒక తల్లికీ బిడ్డకూ మధ్య ఈ గుట్ట అడ్డం పడేది, తన చేతి మీదుగా.

సుంకులు బండి కోసం మెట్ల దగ్గర నిలబడి ఉంది, పిల్ల చెయ్యి పట్టుకుని. ఏదో ఒకటి మంచిగా మాట్లాడాలని శరభయ్య అటు వెళ్ళాడు.

"నీ బిడ్డ పేరేందమ్మా?"

ఆమె ఉలిక్కిపడింది. పిల్లను కొంగు చాటుకు లాక్కుంది.

"ఎందుకు సామీ?"

శరభయ్య వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

స్వామి చింతపండు పళ్ళెం అతని వైపు జరిపారు.