ఉప్పూ కారం

అనగనగా సువర్ణపురమనే ఊరు. ఆ ఊరికో రాజు. రాజుకి ముగ్గురు కొడుకులు: జయసేనుడు, విజయసేనుడు, అజయసేనుడు. ముచ్చటపడి పెట్టుకున్న పేర్లే గానీ, వాటితో రాజుకి రోజూ తంటాయే. "అజయా!" అని పిలిస్తే ముగ్గురూ పరుగెత్తుకొచ్చేవారు. "నిన్ను కాదురా, చిన్నవాణ్ణి!" అని ఇద్దరిని వెనక్కి పంపేవాడు.

ఒకనాడు కాకజంఘుడనే మాంత్రికుడు బిచ్చగాడి వేషంలో కోట వాకిట్లోకి వచ్చాడు. రాణి బియ్యం తేవడం ఒక్క క్షణం ఆలస్యమైంది. అంతే! వాడు బూడిద చల్లాడు. రాణి చేతిలో చేటతో సహా రాయి అయిపోయింది. "మూడు పున్నములు దాటితే ఇక రాయే!" అని నవ్వి మాయమయ్యాడు.

వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక గుహలో, చిలకలో ఉంది. గుహకి రాతి తలుపు. తలుపు కింద కుందేలు పట్టేంత కన్నం. లోపల, కన్నానికి ఎదురుగా ఒక పలక. పలక మీద ఒక కుందేలు బరువు పడితే ఒక గడియ ఊడుతుంది. మళ్ళీ ఒక కుందేలు బరువు పడితే రెండోదీ ఊడుతుంది. రెండూ ఒక్కసారే పలకెక్కాయో, బయట నిలబడి వాటిని పిలిచినవాడు రాయి. తెల్లారి సూర్యుడు నెత్తికెక్కేలోగా గడియలు ఊడలేదో, అప్పుడూ రాయే. పైగా మొదటి గడియ ఊడగానే గుహ ముందు మరపు మంచు కమ్ముకుంటుంది. అందులో నిలబడితే మనిషికి కన్నతల్లి పేరు కూడా గుర్తుండదు.

సముద్రపు ఒడ్డున కేతకి అనే అమ్మాయి ఉండేది. ఆమె దగ్గర మూడు జతల కుందేళ్ళున్నాయి. ముందు పెద్దవాడు వెళ్ళి ఒక జత అడిగాడు.

"తీసుకెళ్ళండి. పేర్లు మాత్రం మీరే పెట్టుకుని పలికించుకోవాలి," అంది కేతకి.

"అదెంత పని? ఒకటి రోలు, ఒకటి రోకలి. జతంటే జతే!" అన్నాడు పెద్దవాడు. ఆ ఒడ్డునే ఉంటూ సముద్రాలు దాటించే తాబేలు తాత వీపెక్కి గుహకి వెళ్ళాడు. కన్నంలోంచి కుందేళ్ళని లోపలికి వదిలి "రో..." అన్నాడో లేదో, రెండూ చెవులు రిక్కించి ఒక్క గెంతున పలకెక్కాయి. పెద్దవాడు రాయి అయిపోయాడు. మొదటి పున్నమి దాటింది.

తాబేలు తాత చెప్పింది విని రెండోవాడు రెండో జత తీసుకున్నాడు. "అన్నయ్య ఒకేలా మోగే పేర్లు పెట్టాడు. నేనలా చెయ్యను. ఒకటి గుమ్మడి, ఒకటి వజ్రం!" అన్నాడు. బాగానే ఉంది. "గుమ్మడీ!" అంటే గుమ్మడి ఒక్కటే వచ్చింది. ఠక్కున ఒక గడియ ఊడింది. కానీ మంచు కమ్మింది. రెండో పేరు గుర్తు రాలేదు. "బీరకాయ్! సొరకాయ్! పొట్లకాయ్!" అని గొంతు చించుకున్నాడు. ఏ కుందేలూ కదల్లేదు. సూర్యుడు నెత్తికెక్కాడు. రెండోవాడూ రాయి అయ్యాడు. ఊడిన గడియ మళ్ళీ పడింది. రెండో పున్నమి దాటింది.

ఇక మిగిలింది అజయుడు. కేతకి ముందు కూలబడి, "నాకు భయమేస్తోంది కేతకీ. నా పేరే సరిగా మోగదు, ఇంక నేనేం పేరు పెడతాను?" అన్నాడు.

"పేరు సరిగా మోగకపోతే వచ్చే కష్టం మీకు తెలిసినంత ఎవరికి తెలుసు?" అంది కేతకి. "వినండి. కుందేలుకి అర్థం తెలీదు, చప్పుడే తెలుసు. మనిషి చప్పుడు మరిచిపోయినా, అర్థం పట్టుకుంటే తోవ దొరుకుతుంది. కాబట్టి చెవికి వేరుగా, మనసుకి కలిసి ఉండాలి."

చివరి జత వాళ్ళ ముందే గరిక కొరుకుతోంది. ఒకటి తెల్లటిది, బెదురు గొడ్డు. ఇంకోటి ఎర్రమట్టి రంగుది, దూకుడు రకం.

"అల్లం, బెల్లం?" అన్నాడు అజయుడు.

కేతకి కొంచెం దూరం వెళ్ళి గాలికి ఎదురుగా పిలిచింది. "...ల్లం అనే వినబడుతోంది," అన్నాడు తనే.

"బెల్లం, నువ్వు?"

"రోజుకి వందసార్లు 'నువ్వు' అంటాం. అన్నప్పుడల్లా పరుగెత్తుకొచ్చి, ఏమీ దొరక్కపోతే ఇక నిజంగా పిలిచినా రాదు."

"సూది, దారం?"

"గబగబా అనండి చూద్దాం."

"సూదిదారం, సూదిదారం..." ఒక పేరు తోక ఇంకో పేరు తలకి అంటుకుపోయింది. ఎక్కడ ఒకటి ఆగిందో, ఎక్కడ రెండోది మొదలైందో తెలియలేదు.

అజయుడు తెల్లదాన్ని చూశాడు, ఎర్రదాన్ని చూశాడు. అమ్మ అన్నంలో మొదటి ముద్ద కలుపుతూ రుచి చూసేది. "ఉప్పూ కారం సరిపోయాయా నాన్నా?" అని అడిగేది.

"ఉప్పు, కారం," అన్నాడు మెల్లగా.

కేతకి రెండుసార్లు అనుకుంది. "ఉప్పు. పెదాలు మూసుకుని చటుక్కున తెగిపోతుంది. కారం. నోరు తెరుచుకుని సాగుతుంది. మొదలు కలవదు, చివర కలవదు. రంగులూ కుదిరాయి. రెండూ సమానమే, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ కాదు. బాగుంది రాకుమారా!"

పేరు పెడితే సరిపోదు, అలవాటు చెయ్యాలి. పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి, సందెవేళ ఒకసారి అజయుడు ఉప్పుని ఒక్కదాన్నే ఎదురుగా పెట్టుకుని, అరవకుండా మెత్తగా "ఉప్పూ" అనేవాడు. అది రాగానే కొత్తిమీర కాడ పెట్టేవాడు. తర్వాత కారాన్ని అలాగే. వారం తర్వాత రెండింటినీ కలిపి కూర్చోబెట్టాడు. ఉప్పుని పిలిస్తే కారం వచ్చేది. కసరలేదు, కొట్టలేదు. కాడ మాత్రం పెట్టేవాడు కాదు. ఇరవయ్యో రోజుకి "ఉప్పూ" అంటే కారం ఒక చెవి తిప్పి, నాక్కాదులే అన్నట్టు మళ్ళీ గరికలో మూతి పెట్టింది. అజయుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తాబేలు తాత వీపెక్కి సముద్రం తర్వాత సముద్రం, ఏడు సముద్రాలూ దాటాడు. గుహ ముందు అన్నలిద్దరూ రాళ్ళై నిలబడి ఉన్నారు. అజయుడు వాళ్ళ పాదాలు తాకి, కుందేళ్ళని కన్నంలోకి వదిలాడు. లోపల నాచు మేస్తున్న చప్పుడు వినబడింది.

"ఉప్పూ!"

ఒక్కదాని అడుగుల చప్పుడే. పలక దిగింది. ఠక్కుమని గడియ ఊడింది. తెల్ల కుందేలు ఒళ్ళోకొచ్చి వాలింది.

అప్పుడు మంచు కమ్మింది. తానెవరో మరిచాడు. ఎందుకొచ్చాడో మరిచాడు. ఒళ్ళోని తెల్లదాన్ని చూసి "ఉప్పు..." అన్నాడు. ఉప్పు తర్వాత ఏముంది? సూర్యుడు పైకెక్కుతున్నాడు. "ఉప్పూ... ఉప్పూ..." ఏ ఇంట్లోనైనా ఉప్పన్న నోటికి తర్వాత మాట ఒకరు అందించాలా? నాలుక తనంతట తనే అనేసింది. "ఉప్పూ... కారం!"

లోపల గెంతు. పలక దిగింది. రెండో గడియ ఊడింది. తలుపు తెరుచుకుంది.

పంజరంలో చిలక వణుకుతోంది. "నన్ను చంపకు నాయనా. వాడి ప్రాణం నాలో కట్టేశాడు గానీ, అది నా ప్రాణం కాదు. నేను ఎగిరితే చాలు, కట్టు తెగుతుంది."

అజయుడు పంజరం తలుపు తీశాడు. చిలక ఎగిరింది. ఎక్కడో కాకజంఘుడు పిడికెడు బూడిదై రాలిపోయాడు.

మంచు విడిపోయింది. రాళ్ళు మనుషులయ్యాయి. "ఆఁ, గుర్తొచ్చింది! వజ్రం!" అని రెండోవాడు ఇప్పుడు అరిచాడు. గుహ లోపలి నుంచి ముందటి రెండు జతలూ నాచు తిని బలిసి, మెల్లగా నడిచొచ్చాయి. అన్నదమ్ములు ఒకరినొకరు పట్టుకుని నవ్వీ ఏడ్చీ అలిసిపోయారు.

కోటలో రాణి చేతిలో చేట కదిలింది. వాకిలి వైపు చూసి, "ఇదిగో బాబూ, తెస్తున్నానయ్యా," అంది. వాకిట్లో బిచ్చగాడు లేడు. రాజు పరుగెత్తుకొచ్చి ఆమె పాదాలు పట్టుకున్నాడు.

అజయుడికీ కేతకికీ పెళ్ళయింది. తర్వాత అన్నలే ఒప్పుకుని తమ్ముణ్ణి గద్దె ఎక్కించారు. పేరుపేరునా ప్రజల్ని పలకరించే రాజని చాలాకాలం చెప్పుకున్నారు. అంతఃపురం తోటలో కుందేలు పిల్లలు ఏటా పుట్టేవి. పొద్దున్నే వాటికి పేర్లు ఆలోచిస్తూ రాజూ రాణీ పోట్లాడుకునేవారు. వాళ్ళు చల్లగా ఉన్నారు. వినే మనమూ చల్లగా ఉందాం.